ట్రిప్ ఖర్చుల లెక్క: గ్రూపులో మొహమాటం లేకుండా తేల్చడం ఎలా?

"ట్రిప్ నుంచి వచ్చి పది రోజులైంది. నేను పెట్టిన డబ్బు ఇంకా రాలేదు. ఫ్రెండ్స్‌ని ఎలా అడగాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. అడిగే వాక్యం ఎలా ఉండాలో చెప్పమంటారు. కానీ పదో రోజున ఎంత మర్యాదగా రాసినా అది బాకీ అడిగినట్టే ఉంటుంది. బయల్దేరక ముందు గ్రూపులో నాలుగు మాటలు అనుకుని, దారిలో ప్రతి ఖర్చుకీ ఒక పద్దు రాసుకుంటే ఆ మెసేజ్ పెట్టే అవసరమే చాలావరకు రాదు. అడిగేది మీరు కాదు, లెక్క అవుతుంది.

నలుగురి నుంచి పది మంది దాకా ఉండి, రెండు నుంచి ఐదు రోజులు తిరిగి, ఎవరి చేతిలో డబ్బుంటే వాళ్లు ఇచ్చేసే గ్రూపుకి ఈ పద్ధతి సరిపోతుంది.

ఏమేం కావాలి

- అందరూ ఉన్న ఒక చాట్ గ్రూపు. పాత గ్రూపులో కబుర్ల మధ్య పద్దులు కొట్టుకుపోతాయి కాబట్టి ట్రిప్‌కి వేరేది పెట్టుకోండి.
- లెక్క చూసే మనిషి ఒకరు.
- ఒక షీట్. ఫోన్‌లో గూగుల్ షీట్స్ అయినా సరే, కాగితమైనా సరే.
- ట్రిప్ అయ్యాక లెక్క ముగించడానికి ఒక తేదీ.

స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ వాడదామా అని అడుగుతారు. అందరూ అందులో చేరతామంటే హాయిగా వాడండి, కింద చెప్పిన కూడికలు అదే చేసిపెడుతుంది. ఆరుగురిలో ఇద్దరు ఇన్‌స్టాల్ చేయకపోతే మాత్రం సగం లెక్క యాప్‌లో, సగం చాట్‌లో మిగులుతుంది. అంతకన్నా చాటే నయం. ఏది వాడినా ముందు మాట్లాడుకోవాల్సిన విషయాలు మారవు.

1. లెక్క చూసే మనిషిని ఎంచుకోండి

సాధారణంగా గదులు బుక్ చేసినవారే లెక్క కూడా చూస్తారు. ఇది పొరపాటు. బుక్ చేసినవారికే అందరికంటే ఎక్కువ రావాల్సి ఉంటుంది. లెక్క కూడా వాళ్ల చేతిలోనే ఉంటే, ప్రతి గుర్తుచేతా "నా డబ్బు నాకివ్వండి" అన్నట్టు వినిపిస్తుంది. ఒకసారి నేను రెండు పనులూ నెత్తినేసుకుని, అడగలేక రెండు నెలలు ఊరుకున్నాను. వాళ్లేమో నేను లెక్క పంపుతానని ఎదురుచూశారట.

పెద్ద ఖర్చు పెట్టనివారికి లెక్క అప్పగించండి. "నీ వాటా ఇంకా ఉంది, వాళ్లకి పంపు" అని వేరేవారి తరఫున చెప్పడం ఎవరికైనా తేలికే.

2. బయల్దేరే ముందు నియమాలు రాసి పిన్ చేయండి

సరదా మాటల మధ్య ఈ చర్చ ఇబ్బందిగా అనిపిస్తుంది. అయినా ఐదు నిమిషాల పని. లెక్క చూసేవారు ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు:

```
1. గదులు, బండి: బుక్ చేసినప్పుడు వస్తామన్న అందరికీ సమానం. మధ్యలో వెళ్లినా వాటా మారదు.
2. తిండి, టిక్కెట్లు: ఆ పూట ఉన్నవాళ్లకే.
3. సొంత కొనుగోళ్లు గ్రూపు లెక్కలోకి రావు.
4. ప్రతి ఖర్చూ ఆ రోజు రాత్రిలోపు ఇక్కడ రాయాలి.
5. ఇంటికి చేరిన 3వ రోజు లెక్క, 7వ రోజులోపు చెల్లింపులు.
అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.
```

మొదటి నియమం దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. ఐదుగురికని గదులు తీసుకున్నాక ఒకరు రెండో రోజు పొద్దున్నే వెళ్లిపోతే, ఆ గది అద్దె తగ్గదు. వెళ్లినవారి వాటా మిగతా నలుగురి మీద పడాలా? నా మట్టుకు పడకూడదు, ఎందుకంటే ఆ లెక్క చూసుకునే కదా పెద్ద గది తీసుకున్నారు. ఇంట్లో అత్యవసరమై వెళ్తే గ్రూపు మాఫీ చేయొచ్చు, అది మంచితనం. నియమం మాత్రం ముందే ఉండాలి. అప్పుడే మాఫీ చేసినట్టు అందరికీ తెలుస్తుంది.

తిండి విషయంలో ఒకరు మద్యం తాగి మరొకరు తాగకపోతే ఆ బిల్లును రెండు పద్దులు చేయండి. సొంత బండి తెచ్చినవారుంటే ఇంధనం ఒక్కటే పంచుకుంటున్నారా, బండి అరుగుదలకి ఏమైనా ఇస్తున్నారా అన్నది కూడా ఇక్కడే తేల్చండి. జంటలు వస్తుంటే వాటా కుటుంబానికి కాదు, మనిషికి. ఇది పైకి చెప్పకపోతే ఒంటరిగా వచ్చినవారు లోపల లెక్కేసుకుంటూ ఉంటారు.

ఇంకొక మాట. డబ్బు ఇబ్బంది ఉన్నవారు గ్రూపులో చెప్పరు. "ఒక్కొక్కరికి ఎంత దాటకుండా ఉంటే బాగుంటుందో నాకు విడిగా చెప్పండి" అని లెక్క చూసేవారు అందరికీ ఒకేలా మెసేజ్ పంపి, వచ్చిన వాటిలో అన్నిటికంటే తక్కువ అంకెను పేరు చెప్పకుండా గ్రూపులో పెట్టాలి. గదుల ఎంపిక ఆ అంకెకు లోబడి జరగాలి.

హెచ్చరిక: వాట్సాప్‌లో పిన్ చేసిన మెసేజ్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది. ట్రిప్‌కి రెండు నెలల ముందే మాట్లాడుకుంటే బయల్దేరే ముందు మళ్లీ పిన్ చేయండి. గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. 24 గంటలకి పెట్టి ఉంటే మొదటి రోజు పద్దులు రెండో రోజుకి కనిపించవు.

3. ఖర్చు జరిగిన చోటే పద్దు రాయండి

బిల్లు ఫోటో పెట్టి ఊరుకోవడం పద్దు కాదు. ఫోటోలో ఎవరు ఇచ్చారో ఉండదు, ఎవరెవరికో అసలే ఉండదు. డబ్బు ఇచ్చినవారే ఈ వరుసలో రాయాలి. ఇక్కడ క, గ, చ, త అన్నవి మనుషుల పేర్లకి బదులు:

```
#ఖర్చు 4
మొత్తం: 3600
ఇచ్చింది: త
ఎందుకు: రెండో రోజు తిండి
ఎవరికి: క గ చ త (4)
```

ముందు #ఖర్చు అని పెట్టడానికి కారణం ఉంది. చివర్లో చాట్‌లో ఆ మాట వెతికితే పద్దులన్నీ వరుసగా బయటికొస్తాయి. వరుస సంఖ్య వల్ల మధ్యలో ఏదైనా తప్పిపోతే తెలుస్తుంది. 3 తర్వాత 5 వచ్చిందంటే 4 ఎవరో రాయలేదన్నమాట. "ఎవరికి" పక్కన తలల సంఖ్య రాస్తే పేరు మర్చిపోయినా పట్టుబడుతుంది.

తప్పు రాస్తే పాత మెసేజ్‌ని మార్చకండి. వాట్సాప్‌లో 15 నిమిషాలలోపు ఎడిట్ చేయొచ్చు గానీ, ఈలోపు లెక్క చూసేవారు పాత అంకెను షీట్‌లో వేసేసి ఉండొచ్చు. "#ఖర్చు 4 సవరణ: 3600 కాదు, 3200" అని కొత్త మెసేజ్ పెట్టండి.

తిరిగి వచ్చే డిపాజిట్‌ని ఖర్చుగా రాయకండి. గది ఖాళీ చేసేటప్పుడు అందులో కొంత కోసుకుంటే, ఆ కోసుకున్నది మాత్రమే ఖర్చు. టిక్కెట్టు రద్దయి డబ్బు వెనక్కి వస్తే మైనస్ గుర్తుతో కొత్త పద్దు రాయండి. వేరే దేశం వెళ్తే ఆ రోజు ఇంటర్నెట్‌లో కనిపించిన మారకపు రేటు కాదు, ఇచ్చినవారి కార్డు మీద నిజంగా కోత పడిన మొత్తమే లెక్క.

4. నిలవ తేల్చండి

చాలామంది చేసే తప్పు, ఒక్కో బిల్లుకీ ఒక్కో బాకీ తేల్చుకోవడం. "తిండికి నేను నీకివ్వాలి, బండికి నువ్వు నాకివ్వాలి" అంటూ పోతే ఐదుగురి మధ్య పదిహేను చెల్లింపులు అవుతాయి. అలా చేయకండి. ప్రతి మనిషికీ రెండే అంకెలు తీయండి: మొత్తం ఎంత ఇచ్చారు, మొత్తం వాటా ఎంత. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది నిలవ. ప్లస్ అయితే రావాలి, మైనస్ అయితే ఇవ్వాలి.

ఒక లెక్క చేసి చూద్దాం. క, గ, చ, త, ప ఐదుగురు. మూడు రోజులు, రెండు రాత్రులు. ప మొదటి రాత్రి ఉండి రెండో రోజు పొద్దున్నే వెళ్లిపోయారు. పద్దులు ఇవి:

1. గదులు 12,000. ఇచ్చింది క. ఐదుగురికీ, తలా 2,400.
2. బండి, ఇంధనం 7,500. ఇచ్చింది గ. ఐదుగురికీ, తలా 1,500.
3. మొదటి రోజు తిండి 3,000. ఇచ్చింది చ. ఐదుగురికీ, తలా 600.
4. రెండో రోజు నుంచి తిండి 3,600. ఇచ్చింది త. ప లేరు కాబట్టి నలుగురికి, తలా 900.
5. పడవ టిక్కెట్లు 1,500. ఇచ్చింది క. త ఎక్కలేదు, ప లేరు. ముగ్గురికి, తలా 500.

మొత్తం 27,600. ఇప్పుడు ఒక్కొక్కరి వాటాలు కూడితే క, గ, చ ముగ్గురికీ 5,900 చొప్పున వస్తుంది. పడవ ఎక్కని త వాటా 5,400. ముందే వెళ్లిన ప వాటా 4,500. ఐదూ కూడితే మళ్లీ 27,600 రావాలి, వచ్చింది.

| ఎవరు | ఇచ్చింది | వాటా | నిలవ |
|---|---|---|---|
| క | 13,500 | 5,900 | +7,600 |
| గ | 7,500 | 5,900 | +1,600 |
| చ | 3,000 | 5,900 | −2,900 |
| త | 3,600 | 5,400 | −1,800 |
| ప | 0 | 4,500 | −4,500 |

ప్లస్‌లు కూడితే 9,200. మైనస్‌లు కూడినా 9,200. ఈ రెండూ కలవకపోతే అక్కడే ఆగిపోండి, గ్రూపులో ఏమీ పెట్టకండి. ఎక్కడో ఒక పద్దులో వాటాలు మొత్తానికి సరిపోలేదన్నమాట.

షీట్‌లో చేస్తుంటే B నిలువు వరుసలో ఇచ్చినవారి పేరు, C లో మొత్తం, D నుంచి H దాకా ఐదుగురి వాటాలు వేసుకోండి. త మొత్తం ఎంత ఇచ్చారో మొదటి ఫార్ములా చెబుతుంది. రెండోది ప్రతి పద్దు పక్కనా పెట్టే పరీక్ష, అక్కడ సున్నా రావాలి:

```
=SUMIF(B:B,"త",C:C)
=C2-SUM(D2:H2)
```

సమానంగా తెగని అంకెలతో తల బాదుకోవద్దు. 1,000ని ముగ్గురికి పంచితే 333 చొప్పున వేసి, మిగిలిన ఒకటి ఇచ్చినవారి వాటాలోనే కలిపేయండి.

5. మధ్యలో ఒకరికొకరు పంపుకున్న డబ్బును ఖర్చుగా రాయకండి

నాకు చూపించిన తప్పు లెక్కల్లో ఎక్కువ ఇక్కడ తప్పినవే, అందుకే విడిగా చెబుతున్నాను. పై ఉదాహరణలో ప వెళ్లేటప్పుడు "నా వంతు కొంత ఉంచు" అని గ చేతిలో 1,000 పెట్టారనుకోండి. దీన్ని "#ఖర్చు 6, 1000, ఇచ్చింది ప" అని రాస్తే మొత్తం 28,600 అవుతుంది. జరగని ఖర్చు అందరి మీదా పడుతుంది. ప్లస్, మైనస్‌లు మాత్రం చక్కగా కలుస్తాయి, కాబట్టి పైన చెప్పిన పరీక్షకి ఈ తప్పు దొరకదు.

అది ఖర్చు కాదు, చేయి మారిన డబ్బు. "#జమ: ప నుంచి గకి 1000" అని వేరే గుర్తుతో రాయండి. లెక్కలో ప నిలవకి 1,000 కలపాలి, గ నిలవలోంచి 1,000 తీయాలి. అప్పుడు ప −3,500, గ +600 అవుతారు. మిగతా ముగ్గురికీ ఏ మార్పూ ఉండదు. ఇలాంటి తప్పు దొర్లిందేమో తెలుసుకోవాలంటే ఒకటే దారి: ప్రతి పద్దుకీ గ్రూపు బయటివారెవరో డబ్బు తీసుకుని ఉండాలి. గదివారో, బండివారో, టిక్కెట్లు అమ్మేవారో. తీసుకున్నవారు గ్రూపులోనే ఉంటే అది జమ.

ముందే అందరూ తలా ఇంత ఒకరికి పంపే పద్ధతి కూడా ఉంది. అందరూ అన్నిట్లో పాల్గొనే చిన్న ట్రిప్‌కి అది బాగుంటుంది, ఎవరి జేబూ ఖాళీ కాదు. దాన్ని లెక్కలో పెట్టాలంటే ఆ ఉమ్మడి డబ్బును 'సంచి' అనే పేరుతో ఇంకొక మనిషిలా రాసుకోండి. సంచికి పంపిందల్లా జమ, సంచిలోంచి ఇచ్చిందల్లా "ఇచ్చింది: సంచి". సంచికి వాటా ఉండదు. ఎవరి వాటా వారిది మామూలుగానే వేయండి. చివర్లో సంచి నిలవ మైనస్‌లో ఎంత చూపిస్తే, దాన్ని పట్టుకున్న మనిషి చేతిలో సరిగ్గా అంత మిగిలి ఉండాలి. లేకపోతే ఏదో పద్దు రాయలేదు.

6. చెల్లింపులు తగ్గించి, జాబితాగా పెట్టండి

ఎక్కువ ఇవ్వాల్సినవారి నుంచి ఎక్కువ రావాల్సినవారికి మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ సున్నాకి తెచ్చుకుంటూ పోండి. ఐదుగురుంటే నాలుగు చెల్లింపులకు మించవు. అసలు లెక్కలో (జమ లేదనుకుంటే) ఇలా వస్తుంది:

```
ప → క  4500
చ → క  2900
త → క   200
త → గ  1600
```

క చేతికి 7,600, గ చేతికి 1,600. పట్టికలోని ప్లస్‌లతో సరిపోయింది.

త ఎందుకు రెండు చోట్లకి పంపాలి, తిండి డబ్బులు తనే ఇచ్చారు కదా అని ఎవరైనా అడుగుతారు. అడగనివ్వండి. అందుకే జాబితాతో పాటు పట్టిక కూడా పెట్టాలి. తన వరుసలో ఇచ్చినది, వాటా రెండూ కనిపిస్తే ఎవరికి వారే సరిచూసుకుంటారు. జాబితా ఒక్కటే పెడితే ఎవరో తీర్పు చెప్పినట్టు ఉంటుంది.

మొదట "ఇది చిత్తు లెక్క, రేపు రాత్రి దాకా మీ పద్దులు చూసుకోండి" అని పెట్టండి. ఆ ఒక్క రోజులో మర్చిపోయిన పార్కింగ్, దారిలో తాగిన కాఫీలు బయటపడతాయి. ఆ తర్వాతే డబ్బు పంపమనండి. లెక్క ముగియకముందే ఒకరు పంపేస్తే, అంకె మారినప్పుడు మళ్లీ వెనక్కి పంపుకునే తంటా వస్తుంది.

7. "పంపాను" కాదు, "అందింది" అని తీసుకున్నవారు చెప్పాలి

పంపినవారు స్క్రీన్‌షాట్ పెట్టినా, తీసుకున్నవారు "ప నుంచి 4500 అందింది" అని రాసేదాకా ఆ వరుస పక్కన టిక్ పెట్టకండి. వేరేవారికి పోయిన డబ్బు, మధ్యలో ఆగిపోయిన డబ్బు ఇక్కడే తెలుస్తుంది. లెక్క చూసేవారు నాలుగు వరుసల్లో పూర్తయిన వాటికి టిక్ పెట్టి జాబితాను మళ్లీ పెడుతుండాలి.

గడువు దాటితే గ్రూపులో పేరు పెట్టి ట్యాగ్ చేయకండి. చాలాసార్లు ఎదుటివారు ఎగ్గొట్టాలనుకోరు, మర్చిపోతారు. పదిమందిలో పేరు పడితే మాత్రం మనసు నొచ్చుకుంటుంది. విడిగా, అంకెతో, ఎవరికి పంపాలో చెబుతూ ఒక్క వాక్యం చాలు: "ట్రిప్ లెక్కలో నీవి 2900 మిగిలాయి, కకి పంపాలి. వీలు చూసుకుని ఈ వారంలో పంపేయ్." అంకె, పేరు లేకుండా "ఆ డబ్బు సంగతి చూడు" అంటే వాళ్లు మళ్లీ చాట్ అంతా వెతుక్కోవాలి, అలా ఇంకో వారం పోతుంది. "ఇప్పుడు కుదరదు" అంటే రెండు విడతలు చేయమని మీరే అనండి, తేదీలు మాత్రం వాళ్లనే చెప్పమనండి.

ఆలస్యమైన చెల్లింపు భారం ఎప్పుడూ రావాల్సినవారి మీదే పడుతుంది. పై ఉదాహరణలో ప ఇవ్వకపోతే నష్టం అంతా కది అయిపోతుంది, బుక్ చేసిన పాపానికి. కాబట్టి పెద్ద బుకింగ్‌లకి సగం వాటా అయినా ముందే జమ చేయించుకోవడం మంచిది. ఐదుగురి గదులకి క 12,000 కట్టే రోజునే మిగతా నలుగురూ తలా 1,200 పంపి ఉంటే, చివర్లో కకి రావాల్సింది 7,600 కాదు, 2,800 మాత్రమే.

8. లెక్క మూసేశాక వచ్చే ఖర్చు

రెండు వారాలకి బండివారు బండి మీద పడిన గీతకి డబ్బు కోయొచ్చు, లేదా వేగానికి జరిమానా రావచ్చు. పాత పట్టిక తెరిచి అన్నీ మళ్లీ కూడకండి, టిక్ పడిన చెల్లింపులన్నీ కదిలిపోతాయి. దాన్ని ఒంటరి పద్దుగా తీసుకుని, ఎవరికి వర్తిస్తుందో చూసి, వాళ్ల వాటాలు నేరుగా కట్టినవారికే పంపమనండి. ప వెళ్లిపోయాక పడిన గీత అయితే అందులో పకి వాటా లేదు. జరిమానా స్టీరింగ్ పట్టుకున్నవారిదా అందరిదా అన్నది ముందు రాసుకోలేదా? నేనైతే అందరికీ సమానంగా పంచుతాను. త్వరగా పోనివ్వమని వెనక సీట్లోంచి అరిచింది కూడా వాళ్లేగా.